ఎలక్ట్రానిక్ వస్తువు గిఫ్ట్‌గా కొంటున్నారా? అవతలివాళ్లకి సర్వీస్ దొరికేలా రివ్యూలు, వారంటీ షరతులు చదివే పద్ధతి

మనకోసం కొనుక్కున్న ఫోన్ పాడైతే బిల్లు తీసుకుని మనమే సర్వీస్ సెంటర్‌కి వెళ్తాం. గిఫ్ట్‌గా ఇచ్చినదానితో అలా కుదరదు. బిల్లు మన ఈమెయిల్‌లో ఉంటుంది, వస్తువు వాళ్లింట్లో ఉంటుంది, సర్వీస్ సెంటర్ ఇంకెక్కడో ఉంటుంది. పైగా "నువ్వు కొనిచ్చింది పాడైంది" అని చెప్పడానికి మొహమాటపడి, వారంటీ ఉండగానే బీరువాలో పెట్టేసేవాళ్లు చాలామంది ఉంటారు.

అందుకే గిఫ్ట్ కొనేటప్పుడు చదవాల్సిన పద్ధతి వేరుగా ఉంటుంది. ఇక్కడ ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటినుంచీ వెళ్దాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మేనమామ, పార్వతీపురంలో అక్క కొడుకు పదో తరగతి పాసయ్యాడని టాబ్ కొనివ్వాలనుకున్నాడు. బడ్జెట్ 20 వేల లోపు. వాచ్, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్ ఏదైనా వరుస ఇదే.

## 1. ముందు వస్తువు కాదు, వాళ్ల పిన్‌కోడ్ చూడండి

అందరూ ముందు మోడల్ ఎంచుకుని చివర్లో సర్వీస్ గురించి ఆలోచిస్తారు. దీన్ని తిరగేయండి. రెండు మూడు కంపెనీలు అనుకున్నాక, ఏ మోడలూ చూడకముందే, ఒక్కో కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీస్ సెంటర్లు వెతికే పేజీ తెరవండి. అక్కడ మీ పిన్‌కోడ్ కాదు, తీసుకునేవాళ్ల పిన్‌కోడ్ కొట్టండి.

మేనమామ అమీర్‌పేటలో ఉంటాడు కాబట్టి ఏ కంపెనీ అయినా పక్క వీధిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. పార్వతీపురం పిన్‌కోడ్ కొడితే కథ మారుతుంది. ఒక కంపెనీకి విజయనగరంలో సెంటర్ చూపిస్తుంది, ఇంకోదానికి విశాఖ, మూడోదానికి ఏకంగా హైదరాబాద్.

పేజీలో సెంటర్ పేరు కనబడగానే సరే అనుకోకండి. ఫోన్లూ టాబ్‌లూ రెండూ అమ్మే కంపెనీ సెంటర్లలో కొన్ని ఫోన్లు మాత్రమే బాగుచేస్తాయి. కొన్ని అసలు బాగుచేయవు, వస్తువు తీసుకుని పెద్ద ఊళ్లో ఉన్న సెంటర్‌కి పంపుతాయి. మూతపడ్డ సెంటర్ అడ్రస్ పేజీలో అలాగే ఉండిపోవడమూ మామూలే. కాబట్టి నేరుగా ఆ సెంటర్‌కే ఫోన్ చేయాలి. సంభాషణ ఇంత చిన్నగా ఉంటే చాలు:

"నమస్తే అండీ, ఈ మోడల్ టాబ్ కొందామనుకుంటున్నాం. వాడేవాళ్లు పార్వతీపురంలో ఉంటారు. టాబ్ రిపేర్ మీ దగ్గరే చేస్తారా?"

"తీసుకుంటామండి. బోర్డు, డిస్‌ప్లే అయితే వైజాగ్ పంపాలి."

"ఎన్నాళ్లు పట్టొచ్చండీ? బిల్లు వేరేవాళ్ల పేరు మీదుంటే పర్వాలేదా?"

"స్పేర్ ఉంటే వారం, లేకపోతే పదిహేను రోజులు కూడా అవుతుంది. బిల్లు కాపీ ఉంటే చాలండి."

ఈ మాటల్లో తెలిసినంత వెబ్‌సైట్‌లో ఎక్కడా దొరకదు. ఎవరూ ఫోన్ ఎత్తకపోతే మరో రోజు మరో వేళ చేసి చూడండి. అప్పటికీ ఎత్తకపోతే అదీ ఒక సమాధానమే.

## 2. సర్వీస్ రకం ఏమిటో తేల్చుకోండి

వారంటీ "1 సంవత్సరం" అని రాసి ఉంటే అది ఎంతకాలమో మాత్రమే తెలిసింది. ఎలా అందుతుందన్నది వేరే మాట. ఇందులో మూడు రకాలున్నాయి.

క్యారీ-ఇన్: మనమే మోసుకెళ్లి ఇవ్వాలి, మనమే వెళ్లి తెచ్చుకోవాలి. ఫోన్లు, టాబ్‌లు, వాచ్‌లు ఎక్కువగా ఇదే.

పికప్ అండ్ డ్రాప్: కొరియర్ వచ్చి తీసుకెళ్లి, బాగుచేశాక తెచ్చిస్తుంది. దీని కింద చిన్న అక్షరాల్లో "ఎంపిక చేసిన పిన్‌కోడ్‌లలో మాత్రమే" అని ఉంటుంది. కస్టమర్ కేర్‌కి పిన్‌కోడ్ చెప్పి అడగండి. ఇయర్‌బడ్స్ లాంటి చిన్న వస్తువులకి చిన్న ఊళ్లలో ఇదే నయం.

ఆన్‌సైట్: మనిషి ఇంటికి వస్తాడు. టీవీలు, కొన్ని ల్యాప్‌టాప్‌లకి ఉంటుంది. ఇక్కడ వెతకాల్సిన వాక్యం ఒకటుంది: సర్వీస్ సెంటర్ ఉన్న మున్సిపల్ పరిధి దాటితే రానుపోను ఖర్చు కస్టమర్ భరించాలి అనేది. పట్నంలో ఉన్నవాళ్లు ఆ వాక్యం గమనించరు, ఎందుకంటే వాళ్లకది తగలదు. పల్లెలో ఉన్న నాన్నగారికి టీవీ పంపితే మొదటి విజిట్‌కే తగులుతుంది.

క్యారీ-ఇన్ అంటే రెండు ప్రయాణాలని గుర్తుపెట్టుకోండి, ఇవ్వడానికి ఒకటి, తెచ్చుకోవడానికి ఒకటి. ఇంటర్ చదివే పిల్లాణ్ణి ఒక్కణ్ణే పంపరు, తోడు బావగారు వెళ్లాలి. మన ఉదాహరణలో రెండు టాబ్‌లు మిగిలాయనుకుందాం. మొదటిది 17,999 రూపాయలు, సెంటర్ విజయనగరంలో ఉంది. రెండోది 16,499, ర్యామ్ కూడా ఎక్కువే, కానీ దగ్గరి సెంటర్ విశాఖ, పార్వతీపురానికి పికప్ లేదు. తేడా 1,500. ఇద్దరు మనుషులు రెండుసార్లు విశాఖ వెళ్లి రావడానికయ్యే చార్జీలు, తిండి, పోయిన రెండు పనిదినాలు లెక్కేస్తే ఆ 1,500 మిగిలినట్టు కాదు. నేనైతే మొదటిదే కొంటాను.

## 3. వారంటీ కాగితాన్ని కింద నుంచి పైకి చదవండి

వారంటీ షరతులు కొన్నాక పెట్టెలో చూసేవి కావు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ సపోర్ట్ పేజీలో ఉంటాయి, ముందే చదవొచ్చు. పైన ఉన్న హామీలు అన్ని కంపెనీలవీ ఒకేలా ఉంటాయి. అసలు సంగతి "ఇవి వర్తించవు" అనే భాగంలో ఉంటుంది, కాబట్టి అక్కడినుంచి మొదలుపెట్టండి.

వేటికి ఎంతకాలం. టాబ్‌కి ఏడాది ఉన్నా పెట్టెలో వచ్చే చార్జర్‌కి, కేబుల్‌కి చాలాసార్లు ఆరు నెలలే ఉంటుంది. బ్యాటరీకి విడిగా వేరే గడువు రాసే కంపెనీలున్నాయి. "2 సంవత్సరాల వారంటీ" అన్న ప్రకటన కింద చూస్తే, మొదటి ఏడాది అన్నిటికీ, రెండో ఏడాది ఒక్క భాగానికే అని బయటపడుతుంది. ఇంకొన్నిచోట్ల రెండో ఏడాది రావాలంటే కొన్న ఇన్ని రోజుల్లోపు వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోవాలన్న మెలిక ఉంటుంది. గిఫ్ట్‌ల విషయంలో ఈ గడువే దాటిపోతుంది. ఇచ్చినవాళ్లు వాళ్లు చేసుకుంటారనుకుంటారు, తీసుకున్నవాళ్లకి అలాంటిది ఉందనే తెలియదు.

ఎవరికి. "ఒరిజినల్ పర్చేజర్‌కి మాత్రమే" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే బిల్లు తీసుకునేవాళ్ల పేరు మీదే వేయించాలి. చట్టం దృష్టిలో అయితే గిఫ్ట్ తీసుకున్నవాళ్లకీ హక్కు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్ల సమ్మతితో ఆ వస్తువు వాడేవాళ్లు కూడా వినియోగదారులే. కానీ కౌంటర్ దగ్గర కుర్రాడితో చట్టం మాట్లాడే కన్నా బిల్లు మీద పేరు చూపించడం తేలిక.

ఎప్పటినుంచి. సాధారణంగా బిల్లు తేదీ నుంచి. దసరా సేల్‌లో కొని సంక్రాంతికి ఇస్తే వారంటీలో మూడు నెలలు మన అల్మరాలోనే అయిపోతాయి. అంతకంటే పెద్ద నష్టం రీప్లేస్‌మెంట్ గడువు. అది డెలివరీ నుంచి వారం పది రోజులే ఉంటుంది.

ఏం చేస్తే పోతుంది. కింద పడటం, తడవడం, బయట షాపులో విప్పించడం, సీరియల్ నంబర్ స్టిక్కర్ చెరిగిపోవడం, వోల్టేజ్ హెచ్చుతగ్గులు. ఇవన్నీ దాదాపు ప్రతి కాగితంలోనూ ఉంటాయి. తడవడం గురించి ఒక అపోహ ఉంది. వాచ్‌కి ఐపీ68 అని ఉంటే నీళ్లలో పడ్డా వారంటీ ఉంటుందనుకుంటారు. ఐపీ68 అనేది ల్యాబ్‌లో, మంచినీటిలో చేసిన పరీక్ష ఫలితం. వారంటీ కాగితంలో నీటి నష్టాన్ని మినహాయించి ఉంటే లోపల తడి కనబడగానే సర్వీస్ సెంటర్ చేతులెత్తేస్తుంది. ఈత కొట్టే పిల్లలకి వాచ్ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క పేరా తప్పక చూడండి.

వోల్టేజ్ సంగతి కూడా ఊరినిబట్టి ఆలోచించాలి. కరెంట్ పోయి వస్తూ ఉండే చోటికి పంపుతుంటే, టాబ్ పెట్టెలో చార్జర్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఈమధ్య చాలా వాటికి ఇవ్వట్లేదు. లేకపోతే కంపెనీ చార్జర్ కూడా కలిపి కొనండి. ఊళ్లో 150 రూపాయల చార్జర్ పెట్టి బోర్డు పోతే, "వేరే చార్జర్ వాడారు" అనే కారణం వాళ్లకి సిద్ధంగా ఉంటుంది.

బాగుచేశాక. మార్చిన భాగానికి మిగిలిన వారంటీయే వర్తిస్తుందా, కనీసం ఇన్ని రోజులని విడిగా ఇస్తారా? రీప్లేస్ చేస్తే కొత్తదా, వాడినదాన్ని బాగుచేసి ఇచ్చే రీఫర్బిష్డ్‌దా? రీఫర్బిష్డ్ ఇచ్చే హక్కు కంపెనీకి ఉంటుందని చాలా కాగితాల్లో రాసి ఉంటుంది. అది తెలిసి కొనడం వేరు, తర్వాత తెలియడం వేరు.

## 4. రివ్యూల్లో వస్తువు సంగతి కాదు, సర్వీస్ సంగతి వెతకండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. కానీ పెట్టాల్సిన చోట పెట్టండి.

షాపింగ్ సైట్‌లో పైన కనబడే రివ్యూలు చాలావరకు డెలివరీ అయిన వారంలో రాసినవి. "కలర్ సూపర్, సౌండ్ అదుర్స్" అనడానికి వారం చాలు. సర్వీస్ ఎలా ఉందో చెప్పడానికి వస్తువు పాడవ్వాలి, అంటే నెలలు గడవాలి. అందుకే స్టార్ల సగటు చూసి లాభం లేదు.

ఇలా చేయండి:

1. రివ్యూలను `Most recent` వరుసలో పెట్టండి.
2. రివ్యూల్లో వెతికే సదుపాయం ఉంటే ఈ మాటలు ఒక్కొక్కటిగా కొట్టండి: `service`, `warranty`, `months`, `replacement`, `charging`. తెలుగువాళ్లు కూడా రివ్యూలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తారు కాబట్టి తెలుగులో వెతికితే పెద్దగా దొరకవు.
3. ముందు రెండు, మూడు స్టార్లవి చదవండి. ఒక స్టార్‌లో సగం కొరియర్ మీద కోపమే ఉంటుంది. బాక్స్ నొక్కుకుపోయింది, ఆలస్యమైంది లాంటివి పక్కన పెట్టేయండి.
4. ఎంతమంది తిట్టారని లెక్కపెట్టకండి. ఒకే భాగం, దాదాపు ఒకే కాలానికి పాడవుతోందా చూడండి.

నాలుగోదే అసలైంది. "ఐదు నెలలకే చార్జింగ్ పోర్ట్ వదులైంది", "ఆరో నెలలో చార్జ్ ఎక్కట్లేదు, కేబుల్ వంచి పట్టుకోవాలి" అని సంబంధం లేని ముగ్గురు రాశారంటే అది ఆ మోడల్ జబ్బు. అదే ఒకరు స్పీకర్, ఇంకొకరు కెమెరా, మరొకరు బ్యాటరీ అంటే ఏ వస్తువుకైనా ఉండే చెదురుమదురు లోపాలు.

ఆ ఫిర్యాదు చివర్లో ఏమైందో కూడా చదవండి. "పోర్ట్ పోయింది, సెంటర్‌లో నాలుగు రోజుల్లో ఉచితంగా మార్చారు" అన్న మూడు స్టార్ల రివ్యూ, గిఫ్ట్ కొనేవాళ్లకి ఐదు స్టార్ల రివ్యూ కన్నా విలువైంది. "ఫిజికల్ డ్యామేజ్ అని చెప్పి 6 వేలు అడిగారు" అని పదేపదే కనబడితే ఆ కంపెనీ అలవాటు అర్థమైపోతుంది.

కొన్ని మోసాలూ గమనించాలి. ఒకే పేజీలో వేర్వేరు మోడళ్ల రివ్యూలు కలిపేస్తారు. కొత్త టాబ్ నిన్ననే వస్తే పేజీలో రెండేళ్ల కిందటి రివ్యూలు ఉంటాయి. ఒక్కో రివ్యూ పైన చిన్న అక్షరాల్లో రంగు, సైజు, మోడల్ రాసి ఉంటాయి, మీరు కొనేదానితో పోల్చండి. వెరిఫైడ్ పర్చేజ్ అన్న ముద్ర కొన్నారనడానికి రుజువు, అంతే. ఐదు స్టార్లు ఇస్తే డబ్బు వెనక్కిస్తామని పెట్టెలో కార్డు పెట్టే అమ్మకందారులున్నారు, వాళ్ల కస్టమర్లకీ అదే ముద్ర ఉంటుంది. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెప్పే ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తెచ్చింది గానీ, అది స్వచ్ఛందంగా పాటించేదిగా వచ్చింది. కాబట్టి మన జాగ్రత్త మనదే.

యూట్యూబ్ రివ్యూలు తెర ఎలా ఉందో, గేమ్ ఎలా ఆడుతుందో చూడటానికి బాగుంటాయి. సర్వీస్ విషయంలో వాటిని పక్కన పెట్టొచ్చు. కంపెనీ పంపిన పీస్‌తో పది రోజులు గడిపినవాళ్లకి సర్వీస్ సెంటర్ మెట్లెక్కే అవసరం రాదు. "ఆరు నెలల తర్వాత" అన్న వీడియోలు మాత్రం చూడండి, వాటి కింద కామెంట్లు మరీ ముఖ్యంగా.

## 5. సర్వీస్ సెంటర్ రివ్యూలు చదవండి

ఇది దాదాపు ఎవరూ చేయరు. మ్యాప్స్‌లో ఆ సెంటర్ పేరు వెతికితే దాని రివ్యూలు వస్తాయి. టాబ్ రివ్యూ దేశం మొత్తానిది. మీకు కావలసింది విజయనగరంలో ఆ ఒక్క కౌంటర్ సంగతి.

ఇక్కడా కొత్తవి ముందు వచ్చేలా పెట్టండి. ఫ్రాంచైజీలు చేతులు మారుతుంటాయి, మూడేళ్ల కిందటి తిట్టు ఇప్పటి యజమానిది కాకపోవచ్చు.

ఐదు స్టార్లవి ఇక్కడ మరీ జాగ్రత్తగా చదవాలి. "గుడ్ సర్వీస్" అని రెండు ముక్కలు, పక్కన ఇంజనీర్ పేరు ఉంటే, అది చాలావరకు కౌంటర్ దగ్గరే ఫోన్ చేతిలో పెట్టి రాయించినది. అబద్ధమని కాదు, దాన్నిబట్టి మీకేమీ తెలియదు. ఏ వస్తువు ఇచ్చారో, ఎన్నాళ్లకి తిరిగొచ్చిందో రాసిన రివ్యూలనే లెక్కలోకి తీసుకోండి.

తక్కువ స్టార్లలో రెండు రకాలను విడదీయండి. "స్పేర్ లేదన్నారు, నెల రోజులైంది" అన్నది కంపెనీ సరఫరా లోపం, వేరే ఊరి సెంటర్‌కి వెళ్లినా మారకపోవచ్చు. "జాబ్ షీట్ ఇవ్వలేదు", "తీసుకునేటప్పుడు లేని గీత తిరిగిచ్చేటప్పుడు ఉంది" అన్నవి ఆ సెంటర్ లోపం. జాబ్ షీట్ అంటే వస్తువు తీసుకున్నట్టు సెంటర్ రాసిచ్చే కాగితం. మొదటి రకం ఎక్కువగా ఉంటే కంపెనీనే మార్చండి. రెండో రకం ఉంటే వేరే సెంటర్ చూసుకోవచ్చు.

## 6. ఎవరు అమ్ముతున్నారో, బిల్లు ఎలా వస్తుందో చూడండి

ఆన్‌లైన్‌లో `Sold by` అన్నచోట ఉన్న పేరు చూడండి. కంపెనీ అధీకృత అమ్మకందారుల జాబితా తన వెబ్‌సైట్‌లో పెట్టి ఉంటే అందులో ఆ పేరు ఉందా? ధర మరీ తక్కువగా ఉంటే అది సెల్లర్ వారంటీయేమో, రీఫర్బిష్డేమో, బయటి దేశం పీసేమో చదవండి. వారంటీ ఇచ్చేది కంపెనీ కాకుండా అమ్మిన షాపు అయితే గిఫ్ట్‌కి పనికిరాదు. ఆ షాపు ఢిల్లీలో ఉంటుంది, మేనల్లుడు పార్వతీపురంలో ఉంటాడు.

రిటర్న్ పాలసీ కూడా తెరిచి చదవండి. "7 రోజుల సర్వీస్ సెంటర్ రీప్లేస్‌మెంట్" అని ఉంటే, లోపమున్నా సైట్ వెనక్కి తీసుకోదు. ముందు కంపెనీ సెంటర్‌కి వెళ్లి లోపం ఉందని కాగితం తెచ్చుకోవాలి. అంటే వారంలోపు ప్రయాణం. ఇలాంటి వస్తువుని నేరుగా వాళ్ల అడ్రస్‌కి పంపకండి. మీ దగ్గరికే తెప్పించుకుని చూసి పంపండి.

షాపులో కొంటే బిల్లు వాళ్ల పేరు మీద, వాళ్ల ఫోన్ నంబర్‌తో వేయమనండి. చాలా కంపెనీల్లో సర్వీస్ ఓటీపీ ఆ నంబర్‌కే వెళ్తుంది. బిల్లు మీద సీరియల్ నంబర్ గానీ, ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబర్ గానీ పడాలి. తెల్లకాగితం మీద "కొటేషన్" అని ఇస్తే ఒప్పుకోవద్దు, జీఎస్టీ బిల్లే కావాలి. ధర కనబడకూడదనే మొహమాటం ఉంటే ఆన్‌లైన్ ఆర్డర్‌లో గిఫ్ట్ ఆప్షన్ పెట్టి, బిల్లు విడిగా అక్కకో బావగారికో పంపండి. మొహమాటం కోసం బిల్లే ఇవ్వకుండా ఉంటే మాత్రం ఇంతవరకూ చేసిందంతా వృథా.

ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి ఒక్క మాట. అది అమ్మేది చాలాసార్లు కంపెనీ కాదు, మూడో సంస్థ. వేరేవాళ్ల పేరుకి మార్చొచ్చా, వాళ్ల పిన్‌కోడ్‌లో పనిచేస్తుందా అని అడగండి. రెంటికీ అవునని రాతపూర్వకంగా చెప్పకపోతే వదిలేయండి.

## 7. పెట్టె వచ్చాక రీప్లేస్‌మెంట్ గడువులోపు పరీక్షించండి

సీల్ విప్పితే గిఫ్ట్‌లా ఉండదని చాలామంది జంకుతారు. నా మాటైతే విప్పాలి. విప్పేటప్పుడు పెట్టె ఆరు వైపులా కనబడేలా ఆపకుండా వీడియో తీయండి.

పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన లేదా దిగుమతైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ ఫోన్, ఈమెయిల్ ఉండాలి. ఇవి లేని పెట్టె దొడ్డిదారిన వచ్చిందని అనుమానించాలి. చార్జర్ మీద, టాబ్ మీద లేదా సెట్టింగ్స్‌లో `R-` తో మొదలయ్యే బీఐఎస్ నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ తయారీదారుకి, ఏ వస్తువుకి ఇచ్చారో చూపిస్తుంది.

తర్వాత పెట్టె మీది సీరియల్ నంబర్, సెట్టింగ్స్‌లో ఉన్నది, బిల్లు మీదిది ఒకటేనా చూడండి. సిమ్ వేసే టాబ్ అయితే పెట్టె మీదున్న ఐఎంఈఐని కూడా సరిచూడండి. ఫోన్ అయితే `*#06#` కొడితే ఐఎంఈఐ వస్తుంది. ఆ నంబర్‌ని మీ మొబైల్ నుంచి 14422కి ఇలా ఎస్ఎంఎస్ పంపితే వివరాలు తెలుస్తాయి:

```
KYM 15 అంకెల ఐఎంఈఐ నంబర్
```

కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ చూసే పేజీలో సీరియల్ నంబర్ కొట్టండి. వారంటీ ముగిసే తేదీ మీ బిల్లు తేదీకి ఏడాది తర్వాత ఉండాలి. నాలుగు నెలలు ముందే ముగుస్తున్నట్టు చూపిస్తే, అది ఇంతకుముందే ఎవరో ఆన్ చేసిన పీస్ కావచ్చు, లేదా డీలర్‌కి అమ్మిన తేదీ నుంచి లెక్కేసి ఉండొచ్చు. బిల్లు జతచేసి కంపెనీకి ఈమెయిల్ రాసి ఆ తేదీ సరిచేయించండి. దిద్దకపోతే గడువులోపే వెనక్కిచ్చేయండి. ఇది ఇప్పుడు చేస్తే ఒక మెయిల్‌తో పోతుంది. పదకొండో నెలలో మేనల్లుడు కౌంటర్ దగ్గర నిలబడి చేయలేడు.

ఇక వస్తువు పరీక్ష: చార్జింగ్, స్పీకర్, మైక్, రెండు కెమెరాలు, వైఫై, తెర నాలుగు మూలలా టచ్. తెల్ల బొమ్మ ఒకటి, నల్ల బొమ్మ ఒకటి తెరనిండా పెట్టి చుక్కలు, గీతలు ఉన్నాయేమో చూడండి.

ఒక జాగ్రత్త. పరీక్ష కోసం మీ అకౌంట్‌తో లాగిన్ అవ్వకండి. అయితే మాత్రం సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్ తీసేసిన తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అలా కాకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే ఆండ్రాయిడ్ మళ్లీ మీ పాస్‌వర్డే అడుగుతుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లలో `Find My` మీ పేరుతో ఉండిపోతే, రిపేర్‌కి ఇచ్చేటప్పుడు మీ పాస్‌వర్డ్ కావాల్సి రావచ్చు. మీరు ఆఫీస్ మీటింగ్‌లో ఉంటారు, అక్కడ వాళ్లు టోకెన్ పట్టుకుని కూర్చుంటారు.

## 8. గిఫ్ట్‌తో పాటు వెళ్లాల్సినవి

వారంటీ రిజిస్ట్రేషన్ తీసుకునేవాళ్ల ఫోన్ నంబర్‌తో చేయండి. తర్వాత ఇవన్నీ కుటుంబం వాట్సాప్ గ్రూప్‌లో కాకుండా, వాడేవాళ్లకి, ఇంట్లో ఇంకొకరికి విడిగా పంపండి. గ్రూప్‌లో గుడ్ మార్నింగ్‌ల కింద రెండు రోజుల్లో పూడిపోతాయి.

- బిల్లు పీడీఎఫ్, ఒక ప్రింట్ కూడా (పెట్టెలోనే పెట్టాలి)
- సీరియల్ నంబర్, ఐఎంఈఐ ఉన్న స్టిక్కర్ ఫోటో
- వారంటీ ముగిసే తేదీ చూపే స్క్రీన్‌షాట్
- మీరు ఫోన్ చేసి కనుక్కున్న సెంటర్ అడ్రస్, నంబర్, సెలవు రోజు
- కంపెనీ కస్టమర్ కేర్ నంబర్, పెట్టె మీద నుంచి (వెతుకుడు ఫలితాల్లో కనబడే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి)
- "పెట్టె పారేయకండి" అన్న మాట

సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు చేయాల్సింది కూడా ఒకసారి చెప్పేయండి. ఇచ్చే ముందు టాబ్ నాలుగువైపులా ఫోటోలు తీయాలి. జాబ్ షీట్ లేకుండా వస్తువు చేతికివ్వకూడదు. జాబ్ షీట్‌లో లోపం ఏమిటో, వస్తువు పరిస్థితి ఏమిటో, వారంటీలో ఉందో లేదో రాసి ఉండాలి. గీతలు లేకపోయినా "స్క్రాచెస్" అని ముందే రాసి ఉంటే సంతకానికి ముందు కొట్టేయించాలి.

## 9. అమెరికా నుంచో దుబాయ్ నుంచో తెస్తుంటే

ఇక్కడ మొదటి ప్రశ్న వారంటీ ఇండియాలో చెల్లుతుందా అన్నది. ఒకే కంపెనీలోనూ వస్తువునిబట్టి మారుతుంది, ల్యాప్‌టాప్‌కి అంతర్జాతీయ వారంటీ ఇచ్చి ఫోన్‌కి కొన్న దేశంలోనే ఇస్తుంది. అదే పేరున్న మోడల్ ఇండియాలో అమ్మకపోతే స్పేర్ దొరకదు. కొన్ని ల్యాప్‌టాప్ కంపెనీల్లో వస్తువు దేశం మారిందని, యజమాని మారారని వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. ఇది కొన్నవాళ్ల అకౌంట్ నుంచి చేస్తే తేలిక, కాబట్టి విమానం ఎక్కకముందే చేసేయండి.

రెండోది కరెంట్. అమెరికాలో 120 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టర్ మీద `100-240V` అని ఉంటే పిన్ను మారిస్తే చాలు. హెయిర్ డ్రయ్యర్, వంట పరికరాల మీద `120V` అని మాత్రమే ఉంటే తేవద్దు. ఇక్కడ ప్లగ్‌లో పెట్టగానే కాలిపోతాయి, అది ఏ వారంటీలోనూ రాదు.

## 10. అయినా సర్వీస్ ఇవ్వకపోతే

ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబర్ తీసుకోండి. నోటిమాటగా "వారంటీలో రాదు" అంటే, కారణం రాసి ఈమెయిల్ చేయమని అడగండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.

అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. కంపెనీకి వాళ్లు పంపుతారు, చాలా తగువులు ఇక్కడే తేలిపోతాయి. ఇదంతా హైదరాబాద్‌లో కూర్చుని మేనమామే చేయొచ్చు, చేతిలో జాబ్ షీట్ ఫోటో, బిల్లు ఉంటే చాలు.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువు ఎక్కడ కొన్నా, ఫిర్యాదు చేసేవాళ్లు నివసించే చోటే వేయొచ్చు. మేనల్లుడి తరఫున అక్కా బావా వాళ్ల జిల్లాలోనే వేస్తే హైదరాబాద్ రావక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, వారంటీ షరతుల కాపీ, జాబ్ షీట్, ఫిర్యాదు నంబర్లు, వాళ్లు కాదన్న ఈమెయిల్, ఈ ఐదూ తేదీల వరుసలో జతచేయండి.